విమానం టైమ్ మారిందని మెసేజ్ వస్తే ఏం చేయాలి?

మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. ఈ రెండు తేదీలకు ముందు నెలన్నర పాటు నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఎండాకాలం షెడ్యూలు, చలికాలం షెడ్యూలు మొదలయ్యేది ఆ రోజుల్లోనే. ఎప్పుడో బుక్ చేసుకున్న టికెట్ల టైములు అప్పుడే అటూ ఇటూ జరుగుతాయి. విశాఖ వాళ్లకు ఇంకో కారణం కూడా తెలుసు. మన విమానాలు దిగే ఐఎన్‌ఎస్ డేగా రన్‌వే నేవీది కాబట్టి, 2023 చివర్లో దాని పనుల కోసం రాత్రిపూట మూసినప్పుడు ఇక్కడి సాయంత్రం విమానాల టైములు చాలా మారాయి.

టైమ్ మారడం పెద్ద సమస్య కాదు. మెసేజ్ చూసిన మొదటి పది నిమిషాల్లో జనం చేసే పనే సమస్య. పదిహేడేళ్లుగా ద్వారకానగర్‌లో టికెట్లు తీస్తున్నాను. చెడిపోయిన ప్రయాణాలన్నీ దాదాపు ఒకే రకంగా చెడిపోయాయి.

దగ్గర ఉండాల్సినవి మూడే: టికెట్ ప్రింటు, పీఎన్ఆర్, బుకింగ్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు. ప్రింటు తప్పకుండా కాగితం మీద ఉండాలి. ఫోన్‌లో పాత టికెట్, కొత్త టికెట్ మార్చి మార్చి చూస్తే తేడా కనిపించదు. ఫోన్ నంబరు మీదే అయ్యుండాలి. కొందరు ఏజెంట్లు తమ నంబరు పెట్టేస్తారు, అప్పుడు మెసేజ్ వాళ్ల దగ్గరే ఆగిపోతుంది. ప్రయాణికుడిని సంప్రదించేందుకు సరైన వివరాలు ఇవ్వకపోతే ఎయిర్‌లైన్స్ పరిహారం ఇవ్వక్కర్లేదని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లోనే ఉంది.

మొదటి పని: మెసేజ్ నిజమో కాదో చూడటం

మెసేజ్‌లోని లింకు నొక్కకండి. ఎయిర్‌లైన్స్ సైటు అడ్రసు మీరే టైపు చేసి, పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టి చూడండి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకకండి, అక్కడ దొంగ నంబర్లు ఉంటాయి. టికెట్ మీద ఉన్న నంబరుకే ఫోన్ చేయండి.

రెండో పని: పాతదీ కొత్తదీ పక్కపక్కన రాయడం

24 గంటల లెక్కలో రాయండి. తేదీ కూడా రాయండి. రాత్రి 23:50 విమానం 00:20కి జరిగితే మారింది అరగంటే, కానీ తేదీ మారిపోయింది. దాన్ని గమనించక మర్నాడు రాత్రి ఎయిర్‌పోర్టుకు వెళ్లి నిలబడినవాళ్లు ఉన్నారు.

మూడో పని: "యాక్సెప్ట్" నొక్కే ముందు ఆగడం

అసలు కష్టం ఇక్కడే ఉంది.

ఎంవీపీ కాలనీలో మాకు వరసకు పిన్ని ఒకావిడ ఉన్నారు. దుబాయ్‌లో కూతురి దగ్గరికి వెళ్లాలి. విశాఖలో 16:30కి ఎక్కి 17:50కి హైదరాబాదు, అక్కడ 22:05కి దుబాయ్ విమానం. రెండూ ఒకే టికెట్ మీద ఉన్నాయి. నాలుగుంపావు గంటల వ్యవధి, దేశీయం నుంచి అంతర్జాతీయానికి మారడానికి సరిపోతుంది. నేనైతే నాలుగు గంటలకు తక్కువ ఎవరికీ తీయను.

ప్రయాణానికి పన్నెండు రోజుల ముందు ఉదయాన్నే ఫోన్ చేశారు. "బాబూ, విమానం మూడు గంటలు లేటట. ఒప్పుకుంటారా అని అడిగింది, నొక్కేశాను. మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా బయల్దేరొచ్చు కదా!"

"ఆ మెసేజ్ ఒకసారి చదివి వినిపించండి పిన్నీ" అన్నాను. విశాఖలో 19:45, హైదరాబాదులో 21:05 అని చదివారు. దుబాయ్ విమానం గురించి అందులో ఒక్క ముక్క లేదు. అది మారలేదు కాబట్టి మెసేజ్‌లో రాలేదు. 21:05కి దిగి 22:05కి ఎక్కాలి. బోర్డింగ్ పాసులు రెండూ విశాఖలోనే ఇచ్చినా, సామాను నేరుగా దుబాయ్‌కి వేసినా, హైదరాబాదులో ఇమిగ్రేషన్, సెక్యూరిటీ ఆవిడే దాటాలి. గేటు అంతకు ముందే మూసేస్తారు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ గంట ఏ మూలకూ చాలదు.

మెసేజ్ చెప్పేది మారిన ఒక్క విమానం గురించే. మీరు చూడాల్సింది ప్రయాణం మొత్తం. ప్రతి ఎయిర్‌పోర్టుకూ విమానం మారడానికి కావలసిన కనీస సమయం ఒకటి ఉంటుంది. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉంటేనే ఎయిర్‌లైన్స్ దాన్ని చూడగలదు, బాధ్యత తీసుకుంటుంది. విశాఖ–హైదరాబాదు విడిగా, హైదరాబాదు–దుబాయ్ విడిగా చవగ్గా తీసుకున్నామని సంతోషించేవాళ్లకు ఈ రక్షణ లేదు. మొదటి ఎయిర్‌లైన్స్‌కి మీ రెండో టికెట్ ఉన్నట్టే తెలియదు. ఆ నాలుగైదు వందల కోసం రెండు పీఎన్ఆర్‌లు చేయడం తప్పని నేను ఎప్పటినుంచో చెబుతున్నాను.

ఇక "యాక్సెప్ట్" సంగతి. టైమ్ మార్చింది ఎయిర్‌లైన్స్ కాబట్టి, మార్పు వాళ్ల హద్దు దాటితే మనకు వేరే విమానం గానీ పూర్తి డబ్బు గానీ ఇస్తారు. ఆ హద్దు ఒక్కో ఎయిర్‌లైన్స్‌కి ఒక్కోలా ఉంటుంది, వాళ్ల షరతుల్లో రాసి ఉంటుంది. డీజీసీఏ నిబంధన ప్రకారం దేశీయ విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే ఆరు గంటల్లోపు వేరే విమానమో పూర్తి రీఫండో ఇవ్వాల్సిందే. యాక్సెప్ట్ నొక్కామంటే కొత్త టైముకు ఒప్పుకున్నట్టు లెక్క. ఆ తర్వాత మార్చమంటే "మీరే అడుగుతున్నారు కాబట్టి ఛార్జీ కట్టండి" అంటారు. పిన్నిగారికి మొదట వచ్చిన జవాబు అదే.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. కోపంతో యాప్‌లో మామూలు "క్యాన్సిల్" బటన్ నొక్కడం. దాన్ని నొక్కితే సిస్టమ్ మీరు మనసు మార్చుకున్నారనుకుని క్యాన్సిలేషన్ ఛార్జీ కోసేస్తుంది. టైమ్ మార్పు వల్ల రీఫండ్ కావాలంటే ఆ మార్పు పేజీలోనుంచే అడగాలి, లేదా ఫోన్‌లో "షెడ్యూల్ చేంజ్ వల్ల" అని స్పష్టంగా చెప్పి అడగాలి. డబ్బు బదులు, తర్వాతి టికెట్‌కు వాడుకునే క్రెడిట్ షెల్ ఇస్తామంటే తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, వాళ్ల ఇష్టం కాదు.

మూడో తప్పు మన ఊళ్లోనే ఎక్కువ చూస్తాను. "విశాఖ విమానం ఎందుకు, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్లి అక్కడినుంచి ఎక్కేస్తాం" అంటారు. వద్దు. ఒకే టికెట్‌లో మొదటి విమానం ఎక్కకపోతే మిగతా విమానాలన్నీ, తిరుగు ప్రయాణంతో సహా, రద్దయిపోతాయి. రైల్లోనే వెళ్లాలనుకుంటే ముందే ఎయిర్‌లైన్స్‌తో మాట్లాడి, విశాఖ ముక్క తీయించి, కొత్త టికెట్ చేతికొచ్చాకే రైలు రిజర్వేషన్ చేయండి.

పిన్నిగారి కేసులో యాక్సెప్ట్ నొక్కేసినా ఒక మార్గం మిగిలింది. రెండూ ఒకే టికెట్. గంట వ్యవధి అంతర్జాతీయ కనెక్షన్‌కి చాలదు. ఫోన్‌లో రెండోసారి పైస్థాయి అధికారిని అడిగి ఈ రెండు మాటలే చెప్పాను. కోప్పడలేదు, కథ చెప్పలేదు. మనమే ప్రత్యామ్నాయం చూసి పెట్టుకుని అడగాలి. "అదే రోజు 11:10 విమానంలో సీట్లున్నాయి, అందులో వేయండి" అన్నాను. "ఏదో ఒకటి చూడండి" అంటే వాళ్లకు వీలైనది ఇస్తారు, మీకు వీలైనది కాదు. ఛార్జీ లేకుండా 11:10కి మార్చారు.

నాలుగో పని: టికెట్ కూడా మారిందో లేదో చూడటం

ఇక్కడితో అయిపోయిందనుకుని అందరూ ఫోన్ పెట్టేస్తారు. పీఎన్ఆర్ వేరు, టికెట్ వేరు. పీఎన్ఆర్ అంటే విమానంలో మీకు పెట్టిన చోటు. టికెట్ అంటే దానికి మీరు కట్టిన డబ్బుకు రుజువు, 13 అంకెల నంబరుతో ఉంటుంది. టైమ్ మారినప్పుడు ఏజెంటు స్క్రీన్ మీద పాత విమానం పక్కన UN అనీ, కొత్త దాని పక్కన TK అనీ పడుతుంది. మనం ఒప్పుకున్నాక TK కాస్తా HK అవుతుంది, అంటే కన్ఫర్మ్. కానీ అది పీఎన్ఆర్‌లో జరిగిన మార్పే. టికెట్ దానంతట అది మారకపోవచ్చు. అదే విమానం, అదే తేదీ, టైమ్ మాత్రం మారితే సాధారణంగా పాత నంబరు మీదే సరిచేస్తారు. విమానమే మారితే టికెట్ రీఇష్యూ చేసి కొత్త 13 అంకెల నంబరు ఇవ్వడం మామూలు. పీఎన్ఆరే టికెట్‌గా నడిచే చవక ఎయిర్‌లైన్స్‌లో ఈ గొడవ ఉండదు.

పిన్నిగారి మెయిల్‌కు వచ్చిన కాగితంలో పైన 11:10 అని ఉంది. కింద టికెట్ నంబరు పాతదే. పాత ప్రింటు పక్కన పెట్టి ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూశాం, ఒక్కటీ మారలేదు. అలాగే ఎయిర్‌పోర్టుకు వెళ్తే చెక్-ఇన్ కౌంటర్లో "బుకింగ్ ఉందమ్మా, ఈ విమానానికి టికెట్ లేదు" అంటారు. అప్పుడు విమానానికి గంటన్నర కూడా ఉండదు.

మర్నాడు మళ్లీ ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాను: "టికెట్ రీఇష్యూ అయిందా? కొత్త నంబరు చదవండి." అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత "చేస్తున్నామండీ" అన్నారు. ఇరవై నిమిషాలకు కొత్త నంబరుతో మెయిల్ వచ్చింది. "అంతా కన్ఫర్మ్ సార్" అనే మాటకు ఫోన్ పెట్టేయకండి. నంబరు చదివించుకోండి, రాసుకోండి.

ఫోన్‌లో తేలకపోతే నేరుగా ఎయిర్‌పోర్టులోని ఎయిర్‌లైన్స్ టికెట్ కౌంటర్‌కు వెళ్లండి. విమానాలకు మధ్య ఖాళీగా ఉండే వేళ చూసుకుని వెళ్తే ఎదురుగా కూర్చుని చేసి ఇస్తారు. వెబ్‌సైటు ద్వారానో ఏజెంటు ద్వారానో తీసిన టికెట్ అయితే, తీసినవాళ్ల దగ్గరే మార్చుకోమని ఎయిర్‌లైన్స్ అనొచ్చు. అప్పుడు ఇద్దరి మధ్యా తిరగకుండా, ఏజెంటు ముందు కూర్చునే ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేయించండి. అక్కడా కాకపోతే కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. రెండు టికెట్లూ, మెసేజ్ స్క్రీన్‌షాటూ జత చేయండి.

చివరి పని: పోయినవి మళ్లీ పెట్టించడం

టికెట్ కొత్తదైతే దానికి తగిలించినవి కొన్ని రాలిపోతాయి. డబ్బు కట్టిన సీటు, భోజనం, అదనపు సామాను, వీల్‌చెయిర్. ఒక్కొక్కటీ అడిగి పెట్టించుకోవాలి. పిన్నిగారికి సీటు వచ్చింది, వీల్‌చెయిర్ రాలేదు. ప్రయాణానికి మూడు రోజుల ముందు చూసుకుని మళ్లీ వేయించాం. ఆ రోజు ఎనిమిదిన్నరకే ఎయిర్‌పోర్టు దారిలోని ఎన్ఏడీ దాటేశారు. హైదరాబాదులో తొమ్మిదిన్నర గంటలు కూర్చోవాల్సి వచ్చింది, ఇంటి నుంచి పులిహోర డబ్బా పట్టుకెళ్లారు.