మిల్లులో వేళ్లు తెగితే నష్టపరిహారానికి దరఖాస్తు ఎలా?

మండపేట, తణుకు వైపు రైస్ మిల్లుల్లో బెల్టులో చెయ్యి పడి వేళ్లు పోయిన కార్మికుడికి చుట్టుపక్కల వాళ్లు చెప్పే సలహా ఒకటే: సచివాలయానికెళ్లి దివ్యాంగుల పింఛను పెట్టుకోమని. ఆ పింఛను ప్రభుత్వం ఇస్తుంది. దెబ్బ ఎక్కడ తగిలిందని అడగరు, సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం ఉందా అని చూస్తారు. రెండు వేళ్లు పోయినవాడికి అంత శాతం రావడం కష్టం. దాంతో చాలామంది అక్కడితో ఆశ వదులుకుంటారు. అసలు అడగాల్సింది యజమానిని. పనిలో తగిలిన దెబ్బకు పరిహారం ఆయన కట్టాలి, దానికి 40 శాతం నిబంధన లేదు. 1923 చట్టంలో ఉన్న ఈ హక్కు ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది.

లెక్క చూడండి. వయసు 35, నెల జీతం 12,000. జీతంలో 60 శాతం, అంటే 7,200ని ఆ వయసుకు చట్టంలోని పట్టికలో ఉన్న 197.06తో గుణిస్తే 14,18,832 వస్తుంది. ఒక చేతికి రెండు వేళ్లు పోతే సంపాదన నష్టం 20 శాతమని చట్టమే నిర్ణయించింది. కాబట్టి రావాల్సింది సుమారు 2,83,766 రూపాయలు. వేళ్లు పోకుండా కొన్నాళ్లు పనికి వెళ్లలేకపోతే లెక్క వేరు: జీతంలో 25 శాతం, ఇక్కడైతే 3,000, పదిహేను రోజులకోసారి ఇవ్వాలి.

ఆసుపత్రి ఖర్చు దీనికి అదనం. “వైద్యం నేనే చేయించాను కదా, ఇంకేం ఇవ్వాలి?” అని యజమాని అంటే ఒప్పుకోకండి. వైద్యానికి పెట్టిన డబ్బు పరిహారంలో కోత వెయ్యకూడదు. మీరు సొంతంగా పెట్టుకున్నది బిల్లులు చూపించి రాబట్టుకోవచ్చు. అందుకే మందుల షాపు చీటీ కూడా పారేయకండి.

ముందు ప్రమాదం గురించి యజమానికి కాగితం మీద రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. ఇవ్వనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. తర్వాత ప్రమాదం జరిగిన లేదా మీరు ఉంటున్న ప్రాంతానికి చెందిన కార్మిక శాఖ అధికారి దగ్గర దరఖాస్తు పెట్టండి. గడువు రెండేళ్లు. ఆసుపత్రి రికార్డు, డాక్టరు సర్టిఫికెట్, వయసు రుజువు, జీతం రుజువు జతచేయాలి. ఎక్కువ కేసులు జీతం దగ్గరే చిక్కుకుంటాయి. చాలా మిల్లుల్లో చీటీ ఇవ్వరు కాబట్టి హాజరు పుస్తకం పేజీ ఫొటో, ఫోన్‌పేలో పడిన జీతం, తోటి కూలీల వాంగ్మూలం పనికొస్తాయి. జట్టు మేస్త్రి కింద పనిచేసినా మిల్లు యజమాని తప్పించుకోలేడు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవాళ్లు మాత్రం ఇ.ఎస్.ఐ. ఆఫీసుకే వెళ్లాలి.

పెద్దమనుషుల్లో కూర్చుని కొంత డబ్బు తీసుకుని సంతకం పెట్టేముందు ఆగండి. అలాంటి ఒప్పందం ఆ అధికారి దగ్గర రిజిస్టర్ కావాలి, మొత్తం మరీ తక్కువైతే ఆయన తిరస్కరించవచ్చు. ఇవ్వాల్సిన డబ్బు నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకుంటే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు. దరఖాస్తులో ఈ రెండూ కూడా అడగండి.