దిద్దుబాటు పాఠాలు – 4: ముగింపు చిహ్నం లేని ఉద్ధరణ

గత పాఠంలో ఉద్ధరణ చిహ్నాలను ఎక్కడ ఉంచాలో చూశాము. ఒక చోటి నుండి మరొక చోటికి అతికించిన భాగంలో ఉద్ధరణ మొదలై, ముగింపు చిహ్నం కనబడనప్పుడు, ఆ మాటలు ఎక్కడి వరకు చెప్పినవారివో, ఎక్కడి నుండి వ్యాసకర్తవో తేల్చే పద్ధతిని ఈ పాఠంలో నేర్చుకుందాము.

అభ్యాసం కోసం కల్పించిన ఈ భాగాన్ని చూడండి. కోనసీమలోని ఒక లంక గ్రామం వెలువరించే సంచికకు ఇది వచ్చిందనుకుందాము.

> ఆ వరదను గుర్తు చేసుకుంటూ ఒక రైతు ఇలా చెప్పారు: “1986 ఆగస్టులో మా లంక మునిగింది. మేము ఏటిగట్టు మీద తలదాచుకున్నాము. గోదావరి చాలా ఎత్తున ప్రవహించింది. అధికారులు లంకవాసులను పడవలలో తరలించారు.

తెలుగులో ఒకరి మాటను ఉటంకించినప్పుడు చాలా సందర్భాలలో “అని” అనే మాటే దాని ముగింపును చూపుతుంది కనుక, ముందుగా దానికోసం వెతకాలి. ఇక్కడ వాక్యం “ఇలా చెప్పారు” అని మొదలైనందువల్ల ఆ ఆధారం లేదు. చిహ్నమొక్కటే హద్దు, అది కూడా పోయింది.

అప్పుడు ఎవరి నోట ఏ మాట ఇముడుతుందో చూడాలి. “మా లంక”, “మేము” అన్న మొదటి రెండు వాక్యాలు నిస్సందేహంగా రైతువి. నాలుగవ వాక్యంలో “లంకవాసులను” అని ఉంది. ఆ లంకలోనే ఉన్న రైతు అయితే “మమ్మల్ని” అనే అవకాశం ఎక్కువ, కాబట్టి అది వ్యాసకర్తదిగా కనిపిస్తుంది. మూడవ వాక్యం ఇద్దరి నోటా ఇముడుతుంది. అందువల్ల ఉద్ధరణ రెండవ వాక్యం చివరనో, మూడవ వాక్యం చివరనో ముగిసి ఉండాలి. అంతకంటే కచ్చితంగా ఈ భాగం ఒక్కటే చెప్పలేదు.

ఇక్కడ ఊహించి చిహ్నం పెట్టడాన్ని నేను ఒప్పుకోను. మూడవ వాక్యాన్ని లోపల చేరిస్తే రైతు అనని మాట ఆయనకు అంటగట్టవచ్చు. బయట వదిలితే ఆయన మాట వ్యాసకర్త సొంతమైపోవచ్చు. అతికించడానికి ముందున్న మూలప్రతిని రచయిత నుండి తెప్పించుకుని సరిపోల్చడమే సరైన మార్గం. మూలం దొరకకపోతే భాగాన్ని ఉన్నదున్నట్లే ఉంచి, చదరపు కుండలీకరణాలలో [ముగింపు చిహ్నం అందిన ప్రతిలో లేదు] అని చేర్చాలి.

ఒక జాగ్రత్త కూడా అవసరం. ఉద్ధరణ అనేక పేరాలుగా సాగినప్పుడు, ప్రతి పేరా మొదట ప్రారంభ చిహ్నాన్ని ఉంచి, ముగింపు చిహ్నాన్ని చివరి పేరా తరువాత మాత్రమే ఉంచే సంప్రదాయం ఉన్నది. కాబట్టి తరువాతి పేరా మళ్ళీ ప్రారంభ చిహ్నంతో మొదలైతే, పై పేరా చివర చిహ్నం లేకపోవడం తప్పు కాకపోవచ్చు.

అభ్యాసం: పై భాగంలో “లంకవాసులను” బదులు “మమ్మల్ని” అని ఉంటే ఉద్ధరణ హద్దు ఎలా మారుతుందో కారణంతో వ్రాయండి. వచ్చే పాఠంలో ఉద్ధరణలోపల మరొక ఉద్ధరణ వచ్చినప్పుడు ఏ చిహ్నం ఎవరిదో పరిశీలిద్దాము.