ముగింపు లెక్కలు – 7వ పాఠం: నెలలు లెక్కపెట్టి సర్దుబాటు సరిచూడటం

పోయిన పాఠంలో ముగింపు సరుకు చూశాం. ఈసారి ముందుగా చెల్లించిన ఖర్చులు, చెల్లించవలసిన ఖర్చులు. వీటిలో తప్పు జరిగినా ఆస్తి అప్పుల పట్టిక రెండు వైపులా సమానంగానే వస్తుంది. అందుకే మొత్తాలు కలిశాయని పెన్ను మూయకండి. ప్రతి ఖర్చులోనూ పన్నెండు నెలలు ఉన్నాయా అని లెక్కపెట్టండి.

ఒక ఇనుప సామాన్ల కొట్టు తీసుకుందాం. లెక్కలు 2025 మార్చి 31న ముగుస్తాయి. అంకణాలో బీమా 12,000 రూపాయలు ఉంది. జులై 1న ఏడాదికి కట్టిన ప్రీమియం అది. అంటే నెలకు 1,000. వచ్చే ఏప్రిల్, మే, జూన్ నెలలకు చెందిన 3,000 ఈ ఏటి ఖర్చు కాదు కాబట్టి బీమాలోంచి తీసి ఆస్తుల్లో చూపుతాం. లాభనష్టాల ఖాతాకు 9,000 మిగిలింది.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కానీ 9,000 అంటే తొమ్మిది నెలలే. 2024 ఏప్రిల్, మే, జూన్‌లలో కొట్టుకు బీమా లేదా?

అంకణా మళ్లీ చూస్తే డెబిట్ వైపు ‘ముందుగా చెల్లించిన బీమా 2,700’ కనిపిస్తుంది. అది పాత పాలసీ తాలూకు, నెలకు 900 చొప్పున పోయినేడు ముందుకు తెచ్చిన మొత్తం. ఆ మూడు నెలలూ గడిచిపోయాయి, ఇక అది ఆస్తి కాదు. బీమా ఖాతాకు డెబిట్, ముందుగా చెల్లించిన బీమా ఖాతాకు క్రెడిట్ రాసి ఖర్చులోకి తేవాలి. అసలు బీమా ఖర్చు 11,700.

అంకణాలో ముందుగా చెల్లించిన ఖర్చు ఉంటే నేరుగా ఆస్తుల్లో వేయమని పరీక్షల కోసం బట్టీ పడతాం. ఆ మొత్తం ఈ ఏడాది చివర రాసినదైతేనే ఆ మాట సరి. ఇక్కడ గుడ్డిగా వేస్తే లాభం 2,700 ఎక్కువ, ఆస్తులూ 2,700 ఎక్కువ. పట్టిక మాత్రం చక్కగా కలుస్తుంది!

అద్దె తేలిక. నెలకు 6,000, అంకణాలో 66,000. పదకొండు నెలలే ఉన్నాయి, మార్చి అద్దె బాకీ. 6,000 కలిపి 72,000 ఖర్చు రాసి, ఆ 6,000 అప్పుల వైపు చూపాలి. అదే అంకణాలో అద్దె 72,000 ఉండి, క్రెడిట్ వైపు చెల్లించవలసిన అద్దె 6,000 కూడా ఉంటే మళ్లీ కలపకూడదు. కలిపితే పదమూడు నెలలవుతాయి.

ఇది మీరు చేయండి: జీతాలు నెలకు 10,000. ఏ నెల జీతమైనా పై నెల 5న ఇస్తారు. అంకణాలో జీతాలు 1,20,000, క్రెడిట్ వైపు చెల్లించవలసిన జీతాలు 10,000. సర్దుబాట్లలో ‘మార్చి జీతం ఇంకా ఇవ్వలేదు’ అని ఉంది. ఖర్చు ఎంత, అప్పు ఎంత? జవాబు 8వ పాఠం మొదట్లో.