లారీ ఆర్డర్లు పోతున్నాయి, చిల్లర ఆర్డర్లు ఎగబడి వస్తున్నాయి: బండల ఫ్యాక్టరీలో ఓవర్‌హెడ్ లెక్క సరిచేయడం

సమస్య

తాడిపత్రిలో నాపరాయి కోసి పాలిష్ పట్టే ఒక ఫ్యాక్టరీ అనుకుందాం. యజమాని గోడు ఇలా ఉంటుంది: "రెండడుగుల బండల లారీ ఆర్డర్లు పక్కోళ్లకు పోతాండాయి సార్. వంటగట్టు బండలు, మెట్ల బండలకు మాత్రం అందరూ నా దగ్గరికే వస్తాండారు. లాభమంతా వాటిల్లోనే అని లెక్క చెప్తాది. అవి ఎంత పెరిగినా మిగిలేది పెరగల్యా."

ఈ మాట వినగానే నేను చూసేది ఓవర్‌హెడ్, అంటే ఫలానా బండకని నేరుగా రాయలేని ఉమ్మడి ఖర్చు, పంచిన తీరు. తేలిగ్గా అర్థమయ్యేందుకు గుండ్రటి అంకెలు తీసుకుంటున్నాను.

నెలకు ఓవర్‌హెడ్ 6,00,000 రూపాయలు. మిషన్లన్నీ కలిపి నడిచేది 1,000 గంటలు, గంటకు 50 చదరపు అడుగులు వస్తాయి. సాదా బండలు 45,000 అడుగులు, కొలత ప్రకారం కోసేవి 5,000 అడుగులు. పాత పద్ధతిలో ఓవర్‌హెడ్‌ను మిషన్ గంటల మీద పంచితే గంటకు 600 రూపాయలు, అంటే ఏ బండకైనా అడుగుకు 12 రూపాయలు పడుతుంది. రాయి, కూలి ఖర్చు సాదా బండకు 18, కొలత బండకు 26. కాబట్టి మొత్తం ఖర్చు 30, 38. అమ్మకం ధర 32, 60. అడుగుకు లాభం ఒకదానిలో 2 రూపాయలు, ఇంకోదానిలో 22. ఈ లెక్క చూసిన ఎవరైనా కొలత బండల వైపే మొగ్గుతారు.

కారణం

మిషన్ పక్కన ఒక పూట నిలబడితే తెలుస్తుంది. సాదా బండలకు ఒకసారి సైజు పెడితే రోజులు గడుస్తాయి. వంటగట్టు బండకైతే మిషన్ ఆపాలి, టేపు పెట్టి కొలవాలి, సింక్ గుర్తు గీయాలి, గైడ్ జరపాలి, ఒక ముక్క కోసి చూడాలి. అప్పుడు మిషన్ గంటలు పెరగవు, జీతాలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. మిషన్ గంటల మీద పంచే లెక్కకు ఈ పని కనబడదు. ఆ ఖర్చు చడీచప్పుడు లేకుండా సాదా బండల నెత్తిన పడుతుంది.

పరిష్కారం

ఓవర్‌హెడ్‌ను ఏ పని వల్ల పుట్టిందో ఆ పని కింద విడదీయాలి. ఇదే యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్. మన ఫ్యాక్టరీకి మూడు పద్దులు చాలు.

- మిషన్ నడపడం: 3,00,000. గంటకు 300.
- సైజు మార్చడం: 1,20,000. నెలకు 60 సార్లు, ఒక్కోసారికి 2,000. సాదా బండలకు 10, కొలత బండలకు 50.
- ఆర్డర్ పని (కొలతలు తీసుకోవడం, బిల్లు, లోడింగ్): 1,80,000. ఆర్డర్లు 90, ఒక్కోదానికి 2,000. సాదావి 15, కొలతవి 75.

సాదా బండలకు 2,70,000, 20,000, 30,000 కలిపి 3,20,000 వస్తుంది, అడుగుకు 7.11. కొలత బండలకు 30,000, 1,00,000, 1,50,000 కలిపి 2,80,000, అడుగుకు 56. కాబట్టి సాదా బండ ఖర్చు 25.11, కొలత బండ ఖర్చు 82. అరవైకి అమ్ముతున్న బండ మీద అడుగుకు 22 రూపాయలు పోతున్నాయి!

లెక్క సరిగా వచ్చిందా అన్నది ఇలా చూడండి: రెండు పద్ధతుల్లోనూ నెల లాభం 2,00,000కే రావాలి. రాకపోతే ఏదో పద్దు జారిపోయింది, లేదా రెండుసార్లు పడింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు

82 అనే అంకె చూసి కొలత బండలు మానేయడమో, అందరికీ 90 చెప్పడమో చేస్తారు. ఆ 82 కూడా సగటే. సైజు మార్పు, ఆర్డర్ పని ఖర్చు అడుగులతో పెరగదు, ఆర్డర్‌కు ఇంతని పడుతుంది. 75 ఆర్డర్లకు 2,50,000 అంటే ఒక్కోదానికి దాదాపు 3,333. ఆ తర్వాత అడుగుకు రాయి, కూలి, మిషన్ కలిపి 32 మాత్రమే. అడుగుకు 60 తీసుకుంటే మిగిలే 28తో ఆ 3,333 పూడాలంటే ఆర్డర్ దాదాపు 120 అడుగులుండాలి. ఇప్పుడు సగటు ఆర్డర్ 67 అడుగులే. నష్టం కొలత బండల్లో లేదు, చిన్న ఆర్డర్లలో ఉంది. ఆర్డర్‌కు విడిగా సెట్టింగ్ చార్జీ పెట్టండి, లేదా ఒకే సైజు ఆర్డర్లను కలిపి ఒకేరోజు కోయండి.

మానేస్తే 2,80,000 మొత్తం ఆదా అవుతుందనీ అనుకోవద్దు. మిషన్ ఖర్చులో కరెంటు తగ్గుతుంది, సెట్టింగ్ చేసే మనిషి జీతం మాత్రం అతన్ని వేరే పనిలో పెట్టేదాకా అలాగే ఉంటుంది.

ఇంకొకటి: ఈ అంకెలు ధరల నిర్ణయానికి. బ్యాలెన్స్ షీట్‌లో సరుకు విలువ కట్టేటప్పుడు అమ్మకపు ఖర్చులు కలపకూడదు. ఆర్డర్ పద్దులో అలాంటివి ఉంటే అక్కడ తీసేయాలి.

మొదలుపెట్టడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మిషన్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టి, సైజు మార్చిన ప్రతిసారీ ఏ ఆర్డర్‌కో, ఎంతసేపు పట్టిందో ఫోర్‌మన్ చేత నెలరోజులు రాయించండి.