జ్వరాల కాలంలో రక్తం శాంపిల్ తీసేముందు

వానకాలం జ్వరాలతో వార్డు నిండి, అదనపు మంచాలు వేయాల్సి వచ్చే రోజుల్లో, రోగిని రెండు వివరాలతో సరిచూడాలన్న నియమాన్ని అందరికంటే కఠినంగా పాటించవలసింది, ఎక్కించబోయే రక్తం రోగికి సరిపోతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచింగ్ పరీక్ష కోసం రక్తం తీసేవారు. మన వరంగల్ వైపు ఒకే వార్డులో ఇద్దరు సమ్మక్కలో, ముగ్గురు కొమురయ్యలో ఉండడం మామూలే కాబట్టి ఒక్క పేరు సరిపోదు. పెద్దవారిలో చాలామందికి ఆధార్‌లో పుట్టినతేదీ జనవరి 1 అనే ఉంటుంది కనుక, ఇంటిపేరుతో కూడిన పూర్తి పేరు, ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే ఐపీ నంబరు, ఈ రెండూ చేతి బ్యాండుమీదా రిక్వెస్ట్ ఫారంమీదా ఒకేలా ఉన్నాయో లేదో చూడడమే నమ్మదగిన పద్ధతి. మంచం నంబరు గుర్తింపు కాదు.

ఈ మాట నా పొరపాటు వల్లనే నాకు తెలిసివచ్చింది. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, హిమోగ్లోబిన్ 5కు పడిపోయిన సమ్మక్కకు రక్తం ఎక్కించాలని రాశారు. నేను నర్సుల బల్ల దగ్గరే ట్యూబుకు లేబుల్ అంటించుకొని ఏడో మంచం దగ్గరికి వెళ్లి, "సమ్మక్కవేనా అమ్మా?" అని అడిగితే, "ఆఁ బిడ్డా" అంది. ఫ్యాను గాలి కోసం మధ్యాహ్నం మంచాలు మారారని, అక్కడ పడుకున్నది జ్వరంతో వచ్చిన మరో సమ్మక్క అని నాకు తెలియదు. ట్యూబులోని రక్తం 'ఏ' గ్రూపు అని తేలింది. అయితే అసలు రోగికి అంతకుముందు చేసిన పరీక్షలో 'ఓ' గ్రూపు అని బ్లడ్ బ్యాంకు రిజిస్టరులో ఉండబట్టి వారు వెంటనే ఫోన్ చేశారు.

ఆ పాత నమోదు లేకపోయుంటే ల్యాబ్ దీన్ని పట్టుకోగలిగేది కాదు, ఎందుకంటే క్రాస్‌మ్యాచింగ్ సరిపోయిందంటే ట్యూబులోని రక్తానికి సరిపోయిందని మాత్రమే అర్థం. మొదటిసారి గ్రూపు చూసే రోగికి వేరే సమయంలో రెండో శాంపిల్ తీయించి సరిపోల్చడం అందుకే. 'ఓ' గ్రూపు మనిషికి 'ఏ' రక్తం ఎక్కితే కొద్ది మిల్లీలీటర్లకే చలి, జ్వరం, నడుమునొప్పి మొదలై, మూత్రం ఎర్రగా మారి, బీపీ పడిపోవచ్చు. అప్పుడు రక్తాన్ని వెంటనే ఆపి, సెట్టు మార్చి సెలైన్ ఉంచి, డాక్టరును పిలిచి, బ్యాగును పారేయకుండా బ్లడ్ బ్యాంకుకు తిరిగి పంపాలి.

కాబట్టి "ఫలానావారేనా?" అని అడగకుండా, "మీ పూర్తి పేరు చెప్పండమ్మా" అని అడిగి, రోగి నోటితోనే చెప్పించాలి. నీరసంగా ఉన్నవారు, చెవులు సరిగా వినబడనివారు దేనికైనా ఆఁ అంటారు. స్పృహ లేనివారి విషయంలో తోడున్న మనిషిని అడిగి బ్యాండుతో సరిచూడాలి. బ్యాండు లేకపోతే ముందు అది కట్టిన తరువాతే సూది పట్టాలి. లేబుల్ రక్తం తీశాక, మంచం పక్కనే నిలబడి, బ్యాండు చూస్తూ రాయాలి. మధ్యలో ఎవరైనా పిలిచి, లేబుల్ లేని ట్యూబుతో రెండడుగులు వేసినా సరే, రోగికి విషయం చెప్పి, ఆ ట్యూబును పారేసి మళ్లీ తీయవలసిందే.