మార్నింగ్ స్టార్ కనిపించాక ఎక్కడ కొనాలి, స్టాప్‌లాస్ ఎక్కడ పెట్టాలి?

పడుతున్న షేరు పైకి తిరగొచ్చని చెప్పే మార్నింగ్ స్టార్ ప్యాటర్న్‌ని గుర్తుపట్టడం పెద్ద విద్యేమీ కాదు. పడుతున్న షేరులో పొడవాటి ఎర్ర క్యాండిల్, దాని కింద ఒక చిన్న క్యాండిల్, ఆ తర్వాత బలమైన పచ్చ క్యాండిల్ వస్తే చాలు, ఎవరైనా వేలు పెట్టి చూపిస్తారు. చిక్కంతా ఆ తర్వాతే. గాజువాకలో ఉండే మా బావ అడిగిన ప్రశ్నే చాలామందిది: "ఏటి బావా, మూడో క్యాండిల్ పూర్తయ్యేదాకా ఆగితే రేటు అప్పటికే పైకెళ్లిపోద్ది కదా. ఇంకేటి కొంటాం?"

ఆయన అన్నదాంట్లో న్యాయముంది. మూడో క్యాండిల్ ఎంత బలంగా ఉంటే సంకేతం అంత గట్టిది, కానీ కొనే ధర స్టాప్‌కి, అంటే నష్టానికైనా అమ్మేసి బయటపడాల్సిన ధరకి, అంత దూరమైపోతుంది. అందుకే ఈ ప్యాటర్న్‌లో ముందు స్టాప్ ధర తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ ఎంట్రీకి రావాలి. కింద చెప్పేదంతా డైలీ చార్టు గురించే, షేరు డెలివరీకి కొని కొన్నాళ్లు ఉంచుకునేవాళ్ల కోసమే.

1. ప్యాటర్న్ నిజమైనదేనా?

మొదట చూడాల్సింది ఆ మూడు క్యాండిళ్లను కాదు, వాటికి ఎడమవైపు ఉన్న చార్టును. రెండు మూడు వారాలుగా షేరు స్పష్టంగా దిగుతూ రావాలి. ఒకే పరిధిలో పైకీ కిందికీ ఊగుతున్న షేరులో ఈ ఆకారం తరచూ కనిపిస్తూనే ఉంటుంది, అక్కడ దానికి అర్థం లేదు. తిరగడానికి ముందు ఒక దిశంటూ ఉండాలి కదా.

తర్వాత క్యాండిళ్లు. తెరుచుకున్న ధరకీ ముగిసిన ధరకీ మధ్య ఉండే లావు భాగం బాడీ, దానికి పైనా కిందా పొడుచుకొచ్చే గీతలు విక్‌లు. మొదటిది పెద్ద బాడీ ఉన్న ఎర్ర క్యాండిల్. రెండోదాని బాడీ చిన్నది, ఎరుపైనా పచ్చైనా ఫరవాలేదు, అది మొదటి బాడీ కంటే కింద గ్యాప్‌తో ఉండాలి. ఇక్కడ గ్యాప్ అంటే బాడీల మధ్య ఖాళీ, సన్నటి విక్‌లు ఒకదాన్నొకటి తాకినా తప్పులేదు. మూడో పచ్చ క్యాండిల్ మొదటి ఎర్ర బాడీలో సగం దాటి పైన క్లోజవ్వాలి. నేను గట్టిగా పట్టుకునే షరతు ఈ చివరిదే. గ్యాప్ కాస్త తక్కువైనా సర్దుకుంటాను గానీ సగం దాటని మూడో క్యాండిల్‌ని మార్నింగ్ స్టార్‌గా లెక్కలోకి తీసుకోను. అమ్మేవాళ్లు తీసుకెళ్లిన దూరంలో సగమైనా కొనేవాళ్లు వెనక్కి తేలేకపోతే అది మామూలు ఊపిరి పీల్చుకోవడమే, మర్నాడు మళ్లీ పడొచ్చు.

ఇక్కడ రెండు మోసాలున్నాయి. షేరు ఎక్స్-డివిడెండ్ అయిన రోజు, అంటే కొత్తగా కొన్నవాళ్లకు ఇక ఆ డివిడెండ్ రాని రోజు, ధర సాధారణంగా ఆ మేరకు కిందనే తెరుచుకుంటుంది. చార్టులో గ్యాప్ డౌన్‌లా కనిపించినా అది భయంతో అమ్మినందువల్ల వచ్చింది కాదు. కాబట్టి రెండో క్యాండిల్ తేదీని ఒకసారి కంపెనీ ప్రకటనలతో సరిచూసుకోవాలి. రెండోది, మార్కెట్ ముగియకముందే 3:25కి కొనేసే తొందర. అప్పుడు తెరమీద కనిపించే ధర, మార్కెట్ ముగిశాక ఎక్స్ఛేంజ్ ప్రకటించే క్లోజింగ్ ధర ఒకటే కావాలని లేదు. సగం గీతకు రూపాయి అటూ ఇటూగా ఉంటే ఆ సాయంత్రం దాకా ఆగి చూడడమే మంచిది.

ఐదు నిమిషాల చార్టులో ఈ ప్యాటర్న్ వెతికేవాళ్లకు ఒక మాట. అక్కడ ఒక క్యాండిల్ ముగిసిన క్షణమే ఇంకోటి మొదలవుతుంది, కాబట్టి గ్యాప్‌కి దాదాపు చోటే ఉండదు. రాత్రి మార్కెట్ మూసి ఉన్నప్పుడు జనం మనసు మారడమే ఈ గ్యాప్‌కి మూలం. ఆ రాత్రే లేని చార్టులో దొరికేది ప్యాటర్న్ ఆకారమే, దాని బలం కాదు.

2. ముందు స్టాప్

లెక్క కోసం ఒక ఊహాజనిత షేరు తీసుకుందాం. మూడు వారాల్లో 540 నుంచి దిగుతూ వచ్చింది. సోమవారం 482 దగ్గర తెరుచుకుని 462 దగ్గర ముగిసింది. మంగళవారం 456 దగ్గర మొదలై, 450 దాకా దిగి, 458 దగ్గర ఆగింది. బుధవారం 461 దగ్గర తెరుచుకుని, 459 దాకా దిగి, 479 దాకా వెళ్లి, 477 దగ్గర ముగిసింది. సోమవారం బాడీలో సగం 472, బుధవారం దాన్ని దాటింది. ప్యాటర్న్ కుదిరింది.

మూడు క్యాండిళ్లలో అన్నిటికన్నా కింది ధర 450. షేరు అంతకన్నా కిందికి వెళ్లిందంటే అమ్మకాలు ఆగాయన్న మన ఊహ తప్పినట్టే, ఇంక వాదించడానికేమీ లేదు. స్టాప్ ఆ కిందే ఉండాలి, కానీ సరిగ్గా 449.95 దగ్గర కాదు. 450 లాంటి గుండ్రటి అంకె కింద అందరి స్టాపులూ గుంపుగా ఉంటాయి. ధర ఒక్కసారి దూరి వాటిని తుడిచేసి పైకి లేచిపోవడం మామూలే. కొంత ఎడం ఇవ్వాలి. ఎంత అన్నది షేరు స్వభావాన్ని బట్టి. చార్టులో 14 రోజుల ఏటీఆర్ పెట్టుకుంటే షేరు సగటున రోజుకు ఎంత ఊగుతుందో తెలుస్తుంది. మన షేరుకు అది 14 రూపాయలనుకుందాం. అందులో పావు వంతు, మూడున్నర రూపాయలు, తీసేస్తే స్టాప్ 446.50. పావు వంతు అన్నది శాసనం కాదు, నా అలవాటు. బాగా ఊగే చిన్న షేర్లకు సగం దాకా ఇవ్వాల్సి రావొచ్చు.

స్టాప్ దూరంగా ఉందని మూడో క్యాండిల్ కిందికి, అంటే 459 కిందికి, జరిపేవాళ్లున్నారు. అంకెల్లో రిస్కు తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ ధర 455 దాకా వచ్చి తిరిగితే ప్యాటర్న్ బతికే ఉంటుంది, మనం మాత్రం బయట ఉంటాం.

3. స్టాప్ నుంచి ఎంట్రీకి

పైన మొదటి అడ్డంకి ఎక్కడుందో ఇప్పుడు చూడాలి. దిగేటప్పుడు షేరు మధ్యలో ఒకసారి లేచి 512 దగ్గర ఆగి మళ్లీ పడింది. అక్కడ ఇరుక్కున్నవాళ్లు అసలు రేటు రాగానే అమ్ముకుందామని కాచుకుని ఉంటారు. లక్ష్యాన్ని 512 అనుకుందాం.

బుధవారం ముగింపులో 477కి కొంటే, స్టాప్‌కి దూరం 30.50, లక్ష్యానికి 35. పోయేదీ వచ్చేదీ దాదాపు సమానం. మర్నాడు 479 దాటాక కొందామని 480కి ఆర్డర్ పెడితే ఇంకా దారుణం: రిస్కు 33.50, రాబడి 32. చాలా పుస్తకాలు జాగ్రత్తైన పద్ధతిగా చెప్పే ఈ దారే మన ఉదాహరణలో అన్నిటికన్నా చెడ్డ బేరం. మూడోది, ధర వెనక్కి వచ్చేదాకా ఆగడం. బుధవారం బాడీ 461 నుంచి 477, మధ్య బిందువు 469. అక్కడ దొరికితే రిస్కు 22.50, రాబడి 43. దాదాపు రెండింతలు.

కాబట్టి ఈ షేరులో 469 దగ్గర లిమిట్ ఆర్డర్, అంటే 469కి గానీ అంతకన్నా తక్కువకి గానీ దొరికితేనే కొనే ఆర్డర్. రాకపోతే? వదిలేయడమే. మా బావకి రుచించని జవాబు ఇదే. అలాగని ప్రతిసారీ వెనక్కి రావాలని కూర్చోనక్కర్లేదు. లక్ష్యం 512 కాక 560 దగ్గర ఉండుంటే 480కి కొన్నా రెండింతలకు మించి వచ్చేది, అప్పుడు హై దాటాక కొనడమే మేలు. ఎంట్రీ పద్ధతిని ముందే ఒకటి అనుకుని దానికే కట్టుబడితే నష్టం. స్టాప్‌కీ అడ్డంకికీ మధ్య ఉన్న చోటే ఏ పద్ధతో చెబుతుంది.

లిమిట్ ఆర్డర్‌ని పొద్దున్నే ప్రీ-ఓపెన్‌లో, అంటే 9:15కి ముందు ఆర్డర్లు తీసుకునే సమయంలో, పెట్టొద్దు. షేరు 452 దగ్గర గ్యాప్ డౌన్‌తో తెరుచుకుంటే మన 469 ఆర్డర్ ఆ ధరకే నిండిపోతుంది. చవగ్గా దొరికిందనిపిస్తుంది గానీ, మూడో క్యాండిల్ మొత్తాన్ని ఒక్క రాత్రిలో తుడిచేసిన షేరు అది. 9:15కి ట్రేడింగ్ మొదలయ్యాక పావుగంట చూసి, ధర 459 పైనే నిలబడి ఉంటే అప్పుడు పెట్టాలి. మూడు రోజుల్లో రాకపోయినా, మనం లేకుండానే 512కి వెళ్లొచ్చినా ఆర్డర్ రద్దు.

4. ఎన్ని షేర్లు

ఖాతాలో రెండు లక్షలుండి, ఒక ట్రేడ్‌లో ఒక శాతం అంటే 2000 దాకా పోగొట్టుకోడానికి సిద్ధమైతే, 2000ని 22.50తో భాగించాలి. 88 షేర్లు. పెట్టుబడి 41,272 రూపాయలు. అదే 480కి కొంటే 59 షేర్లే వస్తాయి. స్టాప్ దూరమైతే షేర్లు తగ్గించాలి తప్ప, షేర్లు తగ్గకూడదని స్టాప్‌ని దగ్గరికి లాగకూడదు.

5. స్టాప్ నిజంగా అమలయ్యేలా

చార్టు మీద గీసిన గీత మనల్ని కాపాడదు. ఎక్స్ఛేంజ్‌లో పెట్టిన స్టాప్‌లాస్ ఆర్డర్ ఆ రోజుతో చెల్లిపోతుంది, అందుకని రోజులపాటు ఉంచుకునే షేర్లకు చాలామంది బ్రోకర్ యాప్‌లోని జీటీటీ వాడతారు, అది ట్రిగ్గర్ ధర వచ్చేదాకా రోజులపాటు కాచుకుని ఉండే ఆర్డర్. ట్రిగ్గర్ 446.50, లిమిట్ ధర దానికి కాస్త కింద, ఉదాహరణకు 442. రెండూ ఒకటే పెడితే వేగంగా పడే రోజున ట్రిగ్గరవుతుంది గానీ కొనేవాడు దొరక్క ఆర్డర్ వేలాడుతూ ఉంటుంది. ఇంకోటి, మన షేర్లు డీమ్యాట్ నుంచి తీసే అధికారాన్ని బ్రోకర్‌కి ముందే రాసిచ్చే పత్రం డీడీపీఐ. అది ఇవ్వని ఖాతాల్లో డీమ్యాట్‌లో ఉన్న షేర్లు అమ్మాలంటే టీపిన్ అనే రహస్య అంకెతో అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి లేకపోతే సరైన సమయానికి పేలిన జీటీటీ కూడా తిరస్కరణకు గురవుతుంది. కొనకముందే చూసుకోవాల్సిన సంగతి ఇది.

అన్నీ సరిగ్గా పెట్టినా గ్యాప్ ముందు స్టాప్ ఓడిపోతుంది. విశాఖలో ఉన్నవాళ్లకి ఇది ఊహించుకోవడం కష్టం కాదు. మన ఊళ్లోనే రిజిస్టర్డ్ ఆఫీసున్న అవంతి ఫీడ్స్ లాంటి రొయ్యల షేర్లు 2025లో అమెరికా సుంకాల వార్తలకు ఎలా కుదుపులకు లోనయ్యాయో చాలామంది చూశారు. వార్త మనం నిద్రపోతున్నప్పుడు వస్తుంది, పొద్దున షేరు 446 చూడకుండానే 430 దగ్గర తెరుచుకోవచ్చు. అప్పుడు 442 లిమిట్ పని చేయదు, చేత్తో అమ్ముకోవాల్సిందే. త్రైమాసిక ఫలితాలు రెండు మూడు రోజుల్లో ఉన్న షేరులో ఎంత అందమైన మార్నింగ్ స్టార్ వచ్చినా నేను ముట్టుకోకపోవడానికి కారణం అదే.

ఈవెనింగ్ స్టార్ సంగతి

పెరుగుతున్న షేరులో అద్దంలో చూసినట్టు ఇదే తిరగబడి వస్తుంది: పెద్ద పచ్చ, పైన చిన్నది, తర్వాత మొదటి బాడీలో సగం కిందికి దిగి ముగిసే ఎర్రది. లెక్క కూడా తలకిందులు, స్టాప్ మూడింటి హై పైన. అయితే క్యాష్ మార్కెట్లో లేని షేర్లు అమ్మి రాత్రికి ఉంచుకోవడం మన దగ్గర మామూలు ఖాతాకు కుదరదు, ఆ రోజే తిరిగి కొనేయాలి. డైలీ చార్టు చూసి షార్ట్ చేయాలంటే ఫ్యూచర్స్‌కే పోవాలి, అక్కడ లాట్ సైజు, అంటే ఒక్కసారికి తీసుకోవాల్సిన కనీస షేర్ల సంఖ్య, మన ఒక శాతం లెక్కని తరచూ మింగేస్తుంది.

అందుకే డెలివరీ వాళ్లకు ఈవెనింగ్ స్టార్ ఎక్కువగా పనికొచ్చేది చేతిలో ఉన్న షేర్లను అమ్ముకోవడానికి. ఒక షేరు 300 నుంచి పెరుగుతూ, 352 నుంచి 368కి పెద్ద పచ్చ క్యాండిల్ వేసి, మర్నాడు 371, 372 మధ్య తచ్చాడి, మూడో రోజు 369 దగ్గర తెరుచుకుని 357 దగ్గర ముగిసిందనుకుందాం. సగం 360, దాని కిందికి వచ్చేసింది. మూడో క్యాండిల్ కింది ధర 355 అయితే, సగం షేర్లు మర్నాడు అమ్మేసి, మిగతా సగానికి జీటీటీని 353కి ఎక్కిస్తాను. షేరు మళ్లీ లేచి ఈవెనింగ్ స్టార్ హై దాటి క్లోజైతే ఆ సగం అలాగే ఉంటుంది.