క్రెడిట్ నోట్ల పాఠాలు – 7: ఏడాది చివర ఇచ్చే స్కీం డబ్బు మీద జీఎస్టీ వేయాలా?

పోయిన పాఠంలో వెనక్కొచ్చిన సరుకుకు క్రెడిట్ నోట్ రాశాం. ఈసారి సరుకు వెనక్కి రాదు, ధర మాత్రమే తగ్గుతుంది. మన దగ్గర దీన్ని 'టర్నోవర్ డిస్కౌంట్' అనో, ఉత్త 'స్కీం' అనో అంటారు.

కడపలో ఒక సిమెంటు డీలరు 2024 ఏప్రిల్ 1న తన కింది దుకాణాలకు ఉత్తరం ఇచ్చాడనుకోండి: 'మార్చి ఆఖరుకు 10,000 బస్తాలు దాటితే, ఎత్తిన ప్రతి బస్తాకూ 5 రూపాయలు, పన్ను అదనం.' ప్రొద్దుటూరు దుకాణం 30 బిల్లుల మీద, బిల్లుకు 400 చొప్పున 12,000 బస్తాలు ఎత్తింది. అంటే 60,000 రూపాయలు రావాలి. ఆ ఏడాది సిమెంటు మీద పన్ను 28 శాతం.

జీఎస్టీతో నోట్ రాస్తే ఇలా ఉంటుంది:

```
60,000 + CGST 8,400 + SGST 8,400 = 76,800
```

దుకాణం ఖాతాలో 76,800 జమ అవుతుంది. డీలరు కట్టాల్సిన పన్నులో 16,800 తగ్గుతుంది. దుకాణం మాత్రం కొన్నప్పుడు కట్టిన పన్నుకు తీసుకున్న ఐటీసీలోంచి అదే 16,800 వెనక్కి కట్టాలి. చివరికి దుకాణానికి మిగిలింది 60,000, డీలరుకు పోయింది 60,000.

ఇప్పుడు పన్ను మాటే లేకుండా 60,000కు మామూలు నోట్ రాయండి. దీన్ని కమర్షియల్ క్రెడిట్ నోట్ అంటారు. డీలరు పన్ను తగ్గదు, దుకాణం ఐటీసీ కదలదు. మిగిలిందీ, పోయిందీ మళ్లీ అదే 60,000. నేను లెక్కలు రాసే దుకాణంలో యజమానికి ఇది కాగితం మీద వేసి చూపిస్తే, "మరి ఇన్నేళ్లూ ఆ తిప్పలు ఎందుకు పడినాం అన్నా?" అన్నాడు. నిజమే. ఇద్దరూ మామూలు పద్ధతిలో పన్ను కట్టేవాళ్లయితే కమర్షియల్ నోట్ చాలు, తలనొప్పి ఉండదు.

కొన్న దుకాణం కాంపోజిషన్ అనే చిన్న వ్యాపారుల పన్ను పద్ధతిలో ఉంటే లెక్క మారిపోతుంది. వాళ్లకు ఐటీసీ లేదు. బిల్లులో కట్టిన 28 శాతం వాళ్ల జేబులోంచే పోయింది. జీఎస్టీ నోట్ రాస్తే 76,800 మొత్తం వాళ్లకు మిగులుతుంది, డీలరుకు మాత్రం ఖర్చు 60,000 దాటదు. కమర్షియల్ నోట్ రాస్తే ఆ 16,800 ఇద్దరిలో ఎవరికీ రాదు, సర్కారు దగ్గరే ఉండిపోతుంది. కాబట్టి నోట్ రాసే ముందు ట్యాలీలో ఆ పార్టీ రిజిస్ట్రేషన్ టైపు ఏమిటో చూడండి.

జీఎస్టీ నోట్ రాయాలంటే సెక్షన్ 15(3)(బి) అడిగేవి రెండు. డిస్కౌంట్ మాట సరుకు పోకముందో, పోయినప్పుడో కుదిరి ఉండాలి, దాన్ని ఫలానా బిల్లులకు ముడిపెట్టగలగాలి. ఆ డిస్కౌంట్ మేరకు కొన్నవాళ్లు ఐటీసీ వెనక్కి ఇచ్చి ఉండాలి. ముందస్తు ఒప్పందం షరతు తీసేయాలని జీఎస్టీ కౌన్సిల్ 2025 సెప్టెంబరులో సిఫారసు చేసింది గానీ, మన సరుకు 2024-25ది, పాత షరతుతోనే చూద్దాం.

దెబ్బతినేది ఎక్కువగా మొదటి దాని దగ్గరే. మార్చి 30న యజమాని ఫోన్లో "వాళ్లకు బస్తాకు ఐదు వేసెయ్" అంటాడు. ఉత్తరం ఉండదు. అప్పుడు పన్ను తగ్గించుకుంటూ నోట్ రాయడం కుదరదు, కమర్షియల్ నోటే దారి. పాత తేదీతో ఉత్తరం పుట్టించమనే వాళ్లూ ఉన్నారు. ఆ పని నేను చెయ్యను, మీరూ చెయ్యొద్దు.

ఉత్తరం ఉంటే నోట్ వెనక ఒక జాబితా జతచేయండి: బిల్లు నంబరు, తేదీ, 400 బస్తాలు, 2,000 రూపాయలు. అలా ముప్పై వరసలు, అడుగున 60,000. పోర్టల్‌లో GSTR-1 9B పట్టికలో బిల్లు నంబరు ఇవ్వకుండానే నోట్ ఎక్కుతుంది. ఎక్కింది కదా అని జాబితా మానేస్తే, ఆడిట్‌లో 'ఏ బిల్లుకు?' అన్నప్పుడు చూపడానికి ఏమీ ఉండదు.

ఈ జీఎస్టీ నోట్‌కు గడువు 2025 నవంబరు 30. వార్షిక రిటర్ను అంతకు ముందే వేసేస్తే, గడువు ఆ రోజుతోనే సరి.

ఉత్తరంలో 'పన్ను అదనం' అన్న రెండు మాటలు లేకపోతే గొడవే. 'పన్నుతో కలిపి 5 రూపాయలు' అని తేలితే 60,000ను 1.28తో భాగించాలి. నోట్ విలువ 46,875, పన్ను 13,125 అవుతాయి.

అభ్యాసం: ఇదే నోట్‌ను డీలరు 2025 అక్టోబరు 10న రాశాడు, వార్షిక రిటర్ను ఇంకా వేయలేదు. సెప్టెంబరు 22 నుంచి సిమెంటు పన్ను 18 శాతానికి దిగింది. నోట్ మీద ఏ శాతం వేయాలి? 18 అని రాసేముందు, సరుకు ఏ రోజుల్లో పోయిందో, అప్పుడు ఎంత పన్ను కట్టారో బిల్లులు తీసి చూడండి. జవాబు ఎనిమిదో పాఠంలో, డెబిట్ నోట్‌తో పాటు.